అప్‌డేట్: ఫ్రీ ట్రయల్‌కి వర్చువల్ కార్డు

నేను అడిగింది: "ఫ్రీ ట్రయల్ అయిపోయాక డబ్బు కట్ కాకుండా వర్చువల్ కార్డు ఇస్తే సరిపోతుందా?"

బెంజ్ సర్కిల్ దగ్గర బ్యాంకులో చేసే మా బావగారు చెప్పినట్టే చేశాను. నెట్ బ్యాంకింగ్‌లో 10 రూపాయల లిమిట్‌తో ఒక్కసారికే పనికొచ్చే కార్డు తీశాను. పాప డ్రాయింగ్ యాప్ వెరిఫికేషన్‌కి 2 రూపాయలు తీసుకుంది, అంతటితో కార్డు మూతపడింది. మిగతా 8 తిరిగి అకౌంట్‌లో పడ్డాయి. ట్రయల్ ముగిశాక 499 లాగబోతే "payment failed" అని మెయిల్ వచ్చింది, అకౌంట్ ఫ్రీ ప్లాన్‌కి దిగిపోయింది. టెన్షన్ లేదు.

కానీ అన్నిచోట్లా ఇది నడవదు. ఇంకో యాప్ ఈ కార్డునే తీసుకోలేదు. వాళ్లు మొదటిరోజే ఓటీపీతో ఈ-మ్యాండేట్, అంటే డబ్బు దానంతటదే కట్ అయ్యేందుకు మన అనుమతి, పెట్టించుకుంటారు, మా బ్యాంకు వర్చువల్ కార్డు మీద అది కుదరదు. వెంటనే యూపీఐ ఆటోపే చూపించింది. అసలు చిక్కు అక్కడే, ఎందుకంటే ఆటోపే నేరుగా అకౌంట్‌కే ముడిపడుతుంది. అది పెడితే యూపీఐ యాప్‌లో మ్యాండేట్స్ తెరిచి, మనమే రద్దు చేయాలి. డబ్బు లాగడానికి కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలన్నది ఆర్‌బీఐ నియమం. ఆ మెసేజ్ ఆఫర్ల గుంపులో కలిసిపోతుంది, చూసుకోండి.

ఇంకోటి, కార్డు చచ్చినంత మాత్రాన సబ్‌స్క్రిప్షన్ రద్దయినట్టు కాదు. అందుకే డ్రాయింగ్ యాప్‌లో కూడా క్యాన్సిల్ కొట్టేశాను.