రోడ్డు దాటినది లారీయా, వృద్ధురాలా?

జిల్లా విలేకరి: "రోడ్డు దాటుతూ లారీ ఢీకొని వృద్ధురాలు మృతి చెందింది" అని రాస్తే డెస్కు వారు తప్పని తిప్పి పంపారు. లారీ రోడ్డు దాటిందని ఎవరూ అనుకోరు కదా, ఇందులో తప్పేమిటి?

సంస్కృతం మాస్టారు: "సమానకర్తృకయోః పూర్వకాలే" అని పాణిని సూత్రం. రెండు పనులకూ కర్త ఒక్కరే కావాలి. కాబట్టి "దాటుతూ", "ఢీకొని" రెండూ దోషాలే.

భాషాశాస్త్ర విద్యార్థిని: మాస్టారూ, ఆ లెక్కన "వాన కురిసి చెరువు నిండింది" అన్న వాక్యం కూడా తప్పవుతుంది. మొదటిది కారణమై, రెండోది దాని ఫలితమైనప్పుడు, ముఖ్యంగా మనిషి సంకల్పంతో నిమిత్తం లేని సంఘటనల్లో, తెలుగు వేర్వేరు కర్తలను సహజంగానే ఒప్పుకుంటుంది. అందువల్ల "లారీ ఢీకొని వృద్ధురాలు మృతి చెందింది" నిర్దుష్టమే. చిక్కంతా "దాటుతూ" దగ్గరే ఉంది. దానికి కర్త వాక్యంలో ఇంకా రాలేదు, వెంటనే కనిపించేది లారీ, పైగా లారీకి రోడ్డు దాటగల శక్తీ ఉంది. "వృద్ధురాలు రోడ్డు దాటుతూ లారీ ఢీకొని మృతి చెందింది" అని కర్తను ముందుకు తెస్తే సరిపోతుంది. "దాటుతుండగా" అన్నా చెల్లుతుంది, ఎందుకంటే ఆ రూపం తరువాతి పనికి వేరే కర్త ఉండడాన్ని సహిస్తుంది.

ఎవరూ పొరబడరన్న మాట మాత్రం ఒప్పుకోలేను. "మద్యం మత్తులో వాహనం నడుపుతూ కారు ఢీకొని యువకుడు మృతి" అన్న వార్తను చూడండి. తాగినది చనిపోయిన యువకుడా, కారు నడిపిన వ్యక్తా? ఇక్కడ నవ్వు రాదు, నింద తప్పు మనిషి మీద పడుతుంది. జరిగినదేమిటో తెలియని డెస్కు దీన్ని సరిచేయలేదు, విలేకరే చెప్పాలి.

అపార్ట్‌మెంటు కార్యదర్శి: మా నోటీసులో "ట్యాంకును శుభ్రం చేసి నీటి సరఫరా పునరుద్ధరించబడును" అని రాశాము. సరఫరాయే ట్యాంకు కడుగుతుందా అని ఒకరు ఎద్దేవా చేశారు.

సంస్కృతం మాస్టారు: అది దోషం కాదు. కర్మణి ప్రయోగంలో కర్త పైకి కనిపించకపోయినా రెండు పనులూ చేసేది అతడే. సంస్కృతంలో ఇది సాధారణం.

భాషాశాస్త్ర విద్యార్థిని: సంస్కృతం వరకు మీ మాట నిజమే. తెలుగు చెవికి మాత్రం "-బడు" వచ్చేసరికి కర్త పోయి సరఫరాయే మిగులుతుంది. "పునరుద్ధరిస్తాము" అని రాయవచ్చు కదా?

సంస్కృతం మాస్టారు: రాయవచ్చు. కానీ అలా రాయనిది తప్పని మాత్రం నేను ఒప్పుకోను.

జిల్లా విలేకరి: "దాటుతుండగా" అని మార్చి పంపాను, డెస్కు ఒప్పుకుంది. రెండో వాక్యంలాంటి వార్త నా దగ్గర ఇంకొకటి ఉంది. ఎవరు తాగారో పోలీసులను అడగాలి.