అప్‌డేట్: క్లయింట్ పంపానన్న 48,000 సంగతి

నా ప్రశ్న: "బేగంపేటలోని క్లయింట్ నెఫ్ట్ చేశామని స్క్రీన్‌షాట్ పంపారు. నా ఖాతాలో పడలేదు. గొడవ కాకుండా ఏమని రాయాలి?"

డబ్బు వచ్చింది. మీలో ఒకరు చెప్పినట్టు ముందు ఆ స్క్రీన్‌షాట్‌లోని నంబరే చూశాను. నెఫ్ట్‌లో ప్రతి బదిలీకీ బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబర్ అయిన యూటీఆర్‌కి సాధారణంగా 16 అక్షరాలుంటాయి, మొదటి నాలుగు పంపిన బ్యాంకు కోడ్. ఇందులో తొమ్మిది అంకెలే ఉన్నాయి. అంటే అది వాళ్ళ నెట్ బ్యాంకింగ్ ఇచ్చిన రిక్వెస్ట్ నంబర్ అన్నమాట. దాంతో వెతకడం నా బ్యాంకుకి కుదరదు.

అకౌంట్స్ మేడమ్‌కి ఇలా రాశాను: "మేడమ్, మీరు పంపిన నంబర్ రిక్వెస్ట్‌ది అనిపిస్తోంది. స్టేటస్ ఒకసారి చూసి, యూటీఆర్, డెబిట్ తేదీ, నా ఖాతా చివరి నాలుగు అంకెలు పంపగలరా? వాటితో మా బ్యాంకులో అడుగుతాను."

"పంపలేదు కదా" అనే మాట ఎక్కడా రాకుండా చూసుకున్నాను, అదే పనిచేసిందనుకుంటా. ఆవిడ పేమెంట్ ఎంటర్ చేశారు, కానీ అప్రూవ్ చేయాల్సిన డైరెక్టర్ గారు ఊళ్ళో లేరు. స్టేటస్ పెండింగ్‌లోనే ఉంది, వాళ్ళ ఖాతాలోంచి డబ్బు కదలనే లేదు. ఆయన అప్రూవ్ చేశాక అసలు యూటీఆర్ వచ్చింది, ఆ సాయంత్రమే 48,000 పడింది.

ఒకవేళ డెబిట్ అయ్యుంటే ఖాతా నంబర్ సరిచూసుకోవాల్సి వచ్చేది. నెఫ్ట్‌లో జమ అయ్యేది నంబర్‌ని బట్టే, పేరుని బట్టి కాదు.