వాట్సాప్ గ్రూపులో "డెలివరీకి మనిషి కావాలి" అని ఎలా రాస్తే సరైనవాళ్లు వస్తారు?

భానుగుడి కిరాణా
కాకినాడ భానుగుడి సెంటర్ దగ్గర మాకు కిరాణా షాపు ఉంది. కౌంటర్లో ఒక కుర్రవాడు మూడేళ్లుగా పనిచేస్తున్నాడు. ఇళ్లకు సరుకులు చేర్చడానికి ఇంకొకరు కావాలి. పోయిన నెల మా పేట గ్రూపులో ఇలా పెట్టాను:

"గ్రూపు సభ్యులందరికీ శుభోదయం. మా ప్రముఖ కిరాణా షాపునందు డెలివరీ బాయ్ కావలెను. చురుకైనవారు, నమ్మకస్తులు, కష్టపడే తత్వం ఉన్నవారికి ప్రాధాన్యత. ఆకర్షణీయమైన జీతం. పూర్తి వివరములకు సంప్రదించండి."

మూడు రోజుల్లో 31 ఫోన్లు వచ్చాయి. అందరూ అడిగింది ఒకటే, జీతం ఎంత అని. చెప్పగానే సగం మంది పెట్టేశారు. ముగ్గురు షాపుకు వచ్చారు. ఒకడు చేరి, నాలుగో రోజు మధ్యాహ్నం భోజనానికి వెళ్లి మళ్లీ రాలేదు. తప్పు మనుషులదా, నా మెసేజ్‌దా?

రంగుల పోస్టర్
మెసేజ్ ఎవరు చదువుతారండీ? మంచి పోస్టర్ చేయించండి. ఎర్ర రంగులో "కావలెను" అని పెద్ద అక్షరాలు, షాపు ఫోటో, కింద ఫోన్ నంబరు. మా ఫ్యాన్సీ షాపుకు అలాగే చేశాను, అందరి కళ్లూ దాని మీదే పడ్డాయి.

పేట గ్రూపు అడ్మిన్
నేను రెండు ఉద్యోగాల గ్రూపులు చూస్తుంటాను, రోజుకు ఇలాంటివి ఇరవై వస్తాయి. పోస్టర్ కంటికి ఆనుతుంది, నిజమే. షాపు అద్దానికి అంటించడానికి, స్టేటస్‌లో పెట్టడానికి బాగుంటుంది. గ్రూపులో మాత్రం రెండు చిక్కులు. బొమ్మలో ఉన్న నంబరును వేలితో నొక్కితే ఫోను వెళ్లదు, చూసి టైపు చేసుకోవాలి. పది రోజుల తర్వాత ఎవరైనా గ్రూపులో "డెలివరీ" అని వెతికితే బొమ్మ మీది అక్షరాలు దొరకవు. అదే నంబరును ఖాళీలు లేకుండా టైపు చేస్తే నొక్కగానే పోతుంది.

భానుగుడి గారూ, మీ మెసేజ్‌లో అసలు తప్పు మొదటి లైనే. ఫోను తెరవకుండా పైన కనిపించేది ఆ ఒక్క ముక్కే. అక్కడ "గ్రూపు సభ్యులందరికీ శుభోదయం" అని ఉంటే పండగ శుభాకాంక్షలు అనుకుని దాటేస్తారు. పని పేరు, చోటు, జీతం మొదటి రెండు లైన్లలోనే ఉండాలి. పొడవైన మెసేజ్‌ను వాట్సాప్ సగంలో మడిచి "మరింత చదవండి" అంటుంది. అది నొక్కేవారు తక్కువ.

ఇంతకీ ఆ నాలుగో రోజు అబ్బాయికి ఏం పని చెప్పారు?

భానుగుడి కిరాణా
మామూలు పనే. ఆ రోజు ఒకే అపార్ట్‌మెంట్‌కు మూడు బియ్యం బస్తాలు ఇచ్చి రమ్మన్నాను. లిఫ్టు పాడైంది. మూడో అంతస్తు.

సైకిల్ నుంచి స్కూటర్ దాకా
అన్నయ్యా, జవాబు మీరే చెప్పేశారు. నేను ఆరేళ్లుగా ఇదే పనిలో ఉన్నాను, ఇప్పటికి మూడు షాపులు మారాను. ఈ మధ్య బస్తాలన్నీ 26 కిలోలవే వస్తున్నాయి. ఒక్కొక్కటిగా మూడు బస్తాలను మూడో అంతస్తుకు చేర్చడం తప్పు పని కాదు. ముందు చెప్పకపోవడమే తప్పు. డెలివరీ అంటే పాల ప్యాకెట్లు, పప్పు సంచులు అనుకుని వచ్చి ఉంటాడు. మోయగలిగినవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకు ఆ లైను కనబడితే ధైర్యంగా ఫోన్ చేస్తారు.

మీ మెసేజ్‌ను మేము ఎలా చదువుతామో కూడా చెబుతాను. "ఆకర్షణీయమైన జీతం" అంటే తక్కువ జీతం. "కష్టపడే తత్వం" అంటే సెలవు లేదు. "అన్ని పనులూ చేయగలవారు" అని ఉంటే యజమాని గారి కారు కడగడం కూడా అందులోనే. మాకు కావలసినవి వేరు. బండి ఎవరిది, పెట్రోలు ఎవరిది, మధ్యాహ్నం ఇంటికి వెళ్లనిస్తారా, వారానికి ఒక రోజు వదులుతారా. సొంత బండి తెచ్చుకోమంటే రోజుకు పెట్రోలు కింద ఎంత ఇస్తారో కూడా రాయాలి. "పెట్రోలు ఇవ్వబడును" అని రాసి, నెలాఖరున లీటర్ల లెక్క దగ్గర గొడవ పెట్టుకున్న షాపు ఒకటి చూశాను.

మందుల షాపు సుజాత
మిగతావన్నీ ఒప్పుకుంటాను. జీతం మాత్రం గ్రూపులో రాయకూడదు. నా షాపులో ఇద్దరు అమ్మాయిలు ఉన్నారు. కొత్తవారికి ఎంత ఇస్తున్నానో ఊరంతటికీ చాటితే వాళ్ల మొహం ఎలా చూడాలి? పక్క షాపువాడు కూడా అదే చూసి ఐదు వందలు ఎక్కువ వేస్తాడు.

పేట గ్రూపు అడ్మిన్
మీ ఇబ్బంది నాకు అర్థమవుతుందమ్మా. కానీ రాయకపోతే ఆయనకు వచ్చినట్టే 31 ఫోన్లు వస్తాయి. నా గ్రూపులో జీతం లేని మెసేజ్ కింద మొదట వచ్చే ప్రశ్న ఎప్పుడూ అదే. పోనీ "13,000 నుంచి 15,000, అనుభవాన్ని బట్టి" అని రాయవచ్చు. అయితే అందరూ 15,000 అనే చదువుకుంటారు, అదొక బాధ.

రంగుల పోస్టర్
వయసు 16 నుంచి 25 అని వేయండి. పదహారేళ్లకే లైసెన్సు ఇస్తారు కదా. చిన్నవాళ్లు అయితే మాట వింటారు.

పేట గ్రూపు అడ్మిన్
ఆగండి. పదహారేళ్లకు ఇచ్చేది గేర్లు లేని 50 సీసీ లోపు బండికి మాత్రమే. మన షాపుల్లో తిరిగే స్కూటర్లన్నీ నూరు సీసీ దాటినవే, వాటికి 18 నిండాలి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించాక మైనరు బండి నడిపి పట్టుబడితే తల్లిదండ్రులతోపాటు బండి యజమాని కూడా బాధ్యుడే. 25,000 జరిమానా, మూడేళ్ల దాకా జైలు. బండి షాపు పేరు మీద ఉంటే ఆ యజమాని మీరే. అందుకని "18 నిండాలి, లైసెన్సు ఉండాలి" అన్నది మెసేజ్‌లో ఉండి తీరాలి. పై వయసు గీత మాత్రం ఎందుకు? నలభై ఐదేళ్ల ఆయన ఒకరు మా గ్రూపు ద్వారానే చేరి నిలకడగా చేస్తున్నారు.

భానుగుడి కిరాణా
సరే, మీరు చెప్పినవన్నీ కలిపి తిరగరాశాను. చూడండి:

*డెలివరీకి మనిషి కావాలి. భానుగుడి సెంటర్, కాకినాడ*
జీతం నెలకు 14,000. బండి, పెట్రోలు షాపువే.
ఉదయం 9 నుంచి 1, సాయంత్రం 5 నుంచి 9. మంగళవారం సెలవు.
26 కిలోల బియ్యం బస్తా మెట్లెక్కి మోయాలి.
18 నిండాలి, లైసెన్సు ఉండాలి. చదువుతో పనిలేదు.
డిపాజిట్ అడగం, సర్టిఫికెట్లు ఉంచుకోం.
మీ పేరు, మీ పేట చెప్పి వాయిస్ మెసేజ్ పెట్టండి. ఫోన్ చేస్తే మధ్యాహ్నం 2 నుంచి 4 మధ్య.
మార్చి 25 వరకే.

కింద నంబరు వేస్తాను. మొదటి లైనుకు అటూ ఇటూ నక్షత్రం గుర్తు పెడితే అక్షరాలు లావుగా వస్తాయని మా అమ్మాయి చెప్పింది.

సైకిల్ నుంచి స్కూటర్ దాకా
ఇది చదివి నేనే ఫోన్ చేసేలా ఉన్నాను. వాయిస్ మెసేజ్ అన్నది మంచి పని. టైపు చేయడం రానివాళ్లు "హాయ్" అని పెట్టి ఊరుకుంటారు, దానికి మీరు జవాబివ్వరు, అక్కడితో అయిపోతుంది. డిపాజిట్ లైను కూడా ఉండనివ్వండి. చేరేముందు రెండు వేలు కట్టించుకుని మాయమైనవాళ్ల చేతిలో మా స్నేహితుడు మోసపోయాడు. అప్పటి నుంచి ఆ మాట లేకపోతే మేము అనుమానిస్తాం.

ఒకటి వదిలేశారు. వసూలు చేసిన డబ్బులో వంద తగ్గితే ఎవరు భరిస్తారు?

భానుగుడి కిరాణా
అది మెసేజ్‌లో పడితే గొడవల షాపు అనుకోరూ? ఎదురుగా కూర్చోబెట్టి చెబుతాను.

సైకిల్ నుంచి స్కూటర్ దాకా
మొదటి రోజే చెప్పండి, అంతే చాలు.

రాజేశ్వరి తల్లి
నమస్తే అండి. ఈ ఉద్యోగం ఇంకా ఉందా? మా అబ్బాయి డిగ్రీ చదివి ఖాళీగా ఉన్నాడు. కాకినాడే. బస్తాలు మోయలేడు గానీ కంప్యూటర్ బాగా వచ్చు. బిల్లింగ్ ఇస్తారా?

పేట గ్రూపు అడ్మిన్
అమ్మా, ఇక్కడ మేము ఉద్యోగం ఇవ్వడం లేదు, మెసేజ్ ఎలా రాయాలో మాట్లాడుకుంటున్నాం. అయినా మీ అబ్బాయికి ఈ పని కుదరదని ఆ బస్తా లైను చూడగానే మీకే తెలిసింది, గమనించారా? భానుగుడి గారికి ఒక ఫోను తగ్గింది.

పెట్టేముందు ఇంకొక్క మాట. పెట్టాక తప్పు కనబడితే 15 నిమిషాల లోపే దిద్దగలరు. ఆలోగా ఎవరైనా వేరే గ్రూపుకు పంపేసి ఉంటే అక్కడ పాత తప్పే ఉంటుంది. మనిషి దొరికాక మీరు ఇక్కడ తీసేసినా వాళ్ల దగ్గర పోదు. చివరి తేదీ అందుకే కావాలి. నెల పేరు కూడా వేశారు, మంచిది. ఉత్త "25 వరకే" అని రాసినవారికి ఆరు నెలల తర్వాత కూడా ఫోన్లు వస్తుంటాయి.

మందుల షాపు సుజాత
కౌంటర్ పనికి అయితే మెసేజ్ ఇంకోలా ఉండాలి. మా దగ్గర బరువు లేదు గానీ రాత్రి పది దాకా ఉండాలి. అమ్మాయిలు మొదట అడిగేది, ఆ వేళకు ఇల్లు ఎలా చేరాలి అని. "ఆటో చార్జీ షాపుదే" అని ఒక్క లైను కలిపాక వచ్చేవాళ్లు మారారు. జీతం విషయంలో నా మాట నాదే.

భానుగుడి కిరాణా
పది రోజులైంది, సంగతి చెబుదామని వచ్చాను. ఈసారి 11 వాయిస్ మెసేజ్‌లు వచ్చాయి. జీతం ఎంత అని ఒక్కరూ అడగలేదు. నలుగురిని రమ్మన్నాను, ముగ్గురు వచ్చారు. ఒకతను గుమ్మంలోనే బస్తా చూసి, ఎత్తి భుజాన వేసుకుని, "ఇదేనా?" అన్నాడు. చేరి వారం అయింది, మధ్యాహ్నం భోజనానికి వెళ్లి ఐదింటికి ఠంచనుగా వస్తున్నాడు. ఉంటాడో లేదో వచ్చే నెల చూడాలి.

అయితే సుజాత గారు చెప్పిందీ జరిగింది. ఆ మెసేజ్ ఎక్కడెక్కడో తిరిగి మా కౌంటర్ కుర్రవాడి ఫోనుకు చేరింది. నిన్న రాత్రి షాపు మూశాక దాన్ని నాకే ఫార్వర్డ్ చేశాడు. కింద ఏమీ రాయలేదు. అతని జీతం 12,500. పొద్దున వచ్చి, ఎప్పటిలాగే షట్టర్ ఎత్తి, త్రాసు తుడుస్తున్నాడు.