గ్యాస్ సబ్సిడీ ఏ ఖాతాకు వెళ్తోందో తెలియడం లేదు, సాయం చేయండి

అమ్మది ఉజ్వల కనెక్షన్. సిలిండర్‌కు 300 రూపాయల సబ్సిడీ పడేది, గత రెండు సిలిండర్లకు రాలేదు. పాస్‌బుక్‌లో ఎంట్రీలు వేయించి చూశాం, ఏమీ లేదు. ఏజెన్సీలో "లింక్ ఉందమ్మా" అని పంపేశారు. ఆధార్ సైట్‌లో Bank Seeding Status చూస్తే యాక్టివ్ అనే ఉంది, కానీ బ్యాంకు పేరు వేరు! డ్వాక్రా లోన్ కోసం పోయినేడు తెరిచిన ఖాతా అది. ఆ పాస్‌బుక్ ఇంట్లో కనిపించడం లేదు, అమ్మకు ఒకటే టెన్షన్.

చివరగా సీడింగ్ అయిన బ్యాంకుకే డబ్బు వెళ్తుంది కదా, అయితే అందులో పడి ఉంటుందా? పాత బ్యాంకులో మళ్లీ సీడింగ్ ఫారం ఇస్తే సరిపోతుందా? ఆ ఖాతా ఆగిపోయి ఉంటే, వెనక్కి వెళ్లిన సబ్సిడీ మళ్లీ వస్తుందా?

ఇంకొకటి, డెలివరీ అబ్బాయి బిల్లు మీద ఉన్నదానికంటే 40 రూపాయలు ఎక్కువ తీసుకున్నాడు. బిల్లు దాచాను. ఇంటికి తెచ్చే ఖర్చు బిల్లులోనే ఉంటుంది కదా, ఎవరికి ఫిర్యాదు చేయాలి?