ఎల్‌ఈఐ 9845తో మొదలైతే ఫారిన్ కంపెనీయా? పొద్దున్నుంచి ఇక్కడే ఆగిపోయాను

శ్రీను, హన్మకొండ
పదకొండింటికి కూర్చున్నాను, ఇప్పుడు సాయంత్రం ఆరు దాటింది. మా ఆడిటర్ ఆఫీసులో పార్టీలందరి ఎల్‌ఈఐ నంబర్లు, అంటే ఒక్కో సంస్థను గుర్తించే కోడ్‌లు, ఒక ఎక్సెల్ షీటులో పెట్టాను. ఏ దేశం కంపెనీయో పక్క కాలమ్‌లో రావాలని ఈ ఫార్ములా రాశాను.

```
=IF(LEFT(B2,4)="3358","India","Foreign")
```

అందరికీ సరిగ్గానే వచ్చింది. ఏనుమాముల దగ్గరి ఒక పత్తి జిన్నింగ్ మిల్లుకు మాత్రం Foreign అని చూపిస్తోంది. వాళ్ల నంబరు 9845తో మొదలవుతుంది. తాతల కాలం నుంచి వరంగల్‌లోనే ఉన్న మిల్లు అది. బ్యాంకు కూడా కాగితాలు వెనక్కి పంపింది. నంబరును మళ్లీ మళ్లీ కొట్టి చూశాను, ఫార్ములాను నాలుగు రకాలుగా మార్చాను. మిల్లు యజమాని గంటకోసారి ఫోన్ చేస్తున్నారు, చాలా టెన్షన్‌గా ఉంది. ఈ నంబరును ఇండియా నంబరుగా ఎలా మార్పించాలి?

యాదగిరి
ముందు ఒక మాట. ఎల్‌ఈఐ కాలమ్‌ను టెక్స్ట్ ఫార్మాట్‌లో పెట్టారా? చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. ఎల్‌ఈఐలో 20 అక్షరాలుంటాయి. ఒక్కోసారి అన్నీ అంకెలే పడతాయి. అప్పుడు ఎక్సెల్ దాన్ని మామూలు సంఖ్య అనుకుని మొదటి 15 అంకెలు ఉంచి, మిగతావి సున్నాలు చేస్తుంది. ఫైలు సేవ్ చేశాక అసలు నంబరు తిరిగి రాదు. పేస్ట్ చేయకముందే కాలమ్ మొత్తం ఎంచుకుని టెక్స్ట్ పెట్టాలి, తర్వాత పెడితే లాభం లేదు. మా దగ్గర ఒక పార్టీ ఖాతా నంబరు ఇలాగే పోయి రెండు రోజులు వెతికాం.

శ్రీను, హన్మకొండ
సార్, టెక్స్ట్‌లోనే ఉంది. నంబరులో ఇంగ్లీషు అక్షరాలు కూడా ఉన్నాయి. సమస్య అది కాదు.

స్వరూప
బ్యాంకు ఏమని రాసి వెనక్కి పంపింది? ఉన్నదున్నట్టు పెట్టండి.

తిరుపతి, మంచిర్యాల
శ్రీనన్నా, మొదటి నాలుగు అక్షరాలు చూస్తే దేశం తెలియదు. దేశం ఐదు, ఆరు స్థానాల్లో ఉంటుంది. స్విఫ్ట్ కోడ్ గుర్తు తెచ్చుకోండి, అందులో మొదటి నాలుగు బ్యాంకువి, తర్వాతి రెండు దేశానివి. మన బ్యాంకులన్నిటికీ అక్కడ IN ఉంటుంది. ఎల్‌ఈఐకి కూడా అదే పద్ధతి. ఫార్ములాలో `LEFT(B2,4)` తీసేసి `MID(B2,5,2)` పెట్టండి, సరిపోతుంది.

శ్రీను, హన్మకొండ
పెట్టాను అన్నా. అన్ని పార్టీలకూ 00 వస్తోంది. మన వరంగల్ వాళ్లకూ అంతే, బయటి వాళ్లకూ అంతే.

సదానందం
శ్రీను గారూ, మీ ఫార్ములాలో తప్పు లేదు, దాన్ని అడిగిన ప్రశ్నలోనే తప్పుంది. మొదటి నాలుగు అక్షరాలు చూస్తే నంబరు ఏ కార్యాలయం ఇచ్చిందో తెలుస్తుంది. కంపెనీ ఏ దేశానిదో తెలియదు. 3358 ముంబైలోని లీగల్ ఎంటిటీ ఐడెంటిఫయర్ ఇండియా లిమిటెడ్‌ది, అది క్లియరింగ్ కార్పొరేషన్‌కు అనుబంధ సంస్థ. 9845 ఫిన్లాండ్‌లోని యూబీసెక్యూర్‌ది. 2138 లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌ది. మీ మిల్లు వాళ్లు ఆన్‌లైన్‌లో ఎవరో ఏజెంటు ద్వారా తీసుకుని ఉంటారు, ఆ ఏజెంటు దరఖాస్తును ఫిన్లాండ్ సంస్థకు పంపి ఉంటాడు. నంబరు మీద ఏజెంటు గుర్తు ఉండదు, ఇచ్చిన సంస్థ గుర్తే ఉంటుంది. ప్రపంచమంతా ఎల్‌ఈఐ వ్యవస్థను చూసుకునే గ్లైఫ్ గుర్తింపు ఉన్న ఏ సంస్థ దగ్గరైనా తీసుకోవచ్చని రిజర్వ్ బ్యాంకే తన సర్క్యులర్‌లో చెప్పింది. కాబట్టి మార్పించాల్సిందేమీ లేదు.

తిరుపతి గారు స్విఫ్ట్ గురించి చెప్పింది నిజమే, కానీ ఎల్‌ఈఐకి అది వర్తించదు. ఐదు, ఆరు స్థానాలను రిజర్వ్‌లో ఉంచి సున్నాలు పెట్టారు. ఆపిల్ కంపెనీ ఎల్‌ఈఐ చూడండి: `HWUPKR0MPOU8FGXBT394`. ఐదు, ఆరు స్థానాల్లో KR ఉంది. మీ లెక్క ప్రకారం అది కొరియా కంపెనీ కావాలి. నాలుగు అక్షరాల గుర్తు పద్ధతి రాకముందు, 2012లో మొదటగా ఇచ్చిన నంబర్లలో అదొకటి. అందుకే దానిలో మొదటి నాలుగు అక్షరాలు కూడా ఏ కార్యాలయాన్నీ చూపించవు.

తిరుపతి, మంచిర్యాల
సరే సార్, ఐదు ఆరు సంగతి ఒప్పుకుంటాను. ISIN చూసినా మన షేర్లకు ముందు IN ఉంటుంది కదా. దీనికి మాత్రం దేశం ఎందుకు పెట్టలేదు? పెడితే శ్రీనన్నకు ఈ తిప్పలు ఉండేవి కావు.

సదానందం
కంపెనీ దేశం మారగలదు కాబట్టి. ఒక కంపెనీ తన రిజిస్ట్రేషన్‌ను సింగపూర్‌కో లక్సెంబర్గ్‌కో మార్చుకున్నా ఎల్‌ఈఐ మాత్రం అదే ఉండాలి. పాత అప్పులు, పాత ఒప్పందాలు ఆ నంబరు కిందే నమోదై ఉంటాయి. నంబరులోనే దేశం పెట్టి ఉంటే, కంపెనీ మారిన రోజే ఆ నంబరు అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది. లేదంటే నంబరు మార్చాలి, అప్పుడు పాత రికార్డుతో లంకె తెగిపోతుంది. అందుకే మారే వివరాలన్నీ రికార్డులో పెట్టి, నంబరులో ఏ అర్థమూ లేకుండా చేశారు.

మరి నాలుగు అక్షరాలు ఎందుకంటారా? మొదలుపెట్టినప్పుడే చాలా దేశాల్లో చాలా కార్యాలయాలు ఒకేసారి నంబర్లు ఇవ్వాల్సి వచ్చింది. ముంబైలో ఇచ్చిన నంబరే అదే రోజు ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇంకొకరికి పడకూడదు. ప్రతిసారీ ఒక చోట అడిగి ఇవ్వాలంటే పని సాగదు. ఒక్కో కార్యాలయానికి ముందు నాలుగు అక్షరాలు కేటాయించేస్తే, ఆ తర్వాత సున్నాలు పోగా మిగిలిన 12 స్థానాలను ఎవరికి వారు నింపుకుంటారు, ఢీకొనే అవకాశమే ఉండదు. చివరి రెండు అంకెలు సరిచూసుకోవడానికి. అంతకుమించి ఆ నాలుగింటికి పని లేదు.

కొమురయ్య, కరీంనగర్ గ్రానైట్
మా దగ్గర సరిగ్గా ఇదే జరిగింది. వియత్నాం కొనుగోలుదారు నంబరు 2138తో ఉంది. లండన్ కంపెనీ అయి ఉండి మాతో ఎందుకు దాస్తున్నారని అనుమానపడి, లండన్ అడ్రస్ ప్రూఫ్ పంపమన్నాం. వాళ్లకు అర్థం కాలేదు, మాకు అర్థం కాలేదు. రెండు రోజులు లోడింగ్ ఆపాం. లారీలకు వెయిటింగ్ చార్జీ మేమే కట్టాం. ఇప్పుడు తెలిసింది కారణం.

యాదగిరి
బండి నంబరు లాంటిది అన్నమాట. AP 36 అంటే వరంగల్ ఆర్టీఏ ఆఫీసు ఇచ్చింది. బండి ఓనరు ఊరు ఏదైనా కావచ్చు.

తిరుపతి, మంచిర్యాల
బండి పోలిక పూర్తిగా కుదరదు యాదగిరి గారూ. వేరే రాష్ట్రానికి తీసుకెళ్లి అక్కడే ఉంచితే మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి, నంబరు మారుతుంది. ఇక్కడ నంబరు మారదని సార్ ఇప్పుడే చెప్పారు.

సదానందం
సెల్ నంబరు పోలిక దగ్గరగా ఉంటుంది. 9440 అంటే ఒకప్పుడు మన దగ్గర బీఎస్ఎన్ఎల్ అని చూడగానే చెప్పేవాళ్లం. 2011లో పోర్టింగ్ వచ్చాక ఆ నంబరుతోనే వేరే కంపెనీకి మారిపోయారు. ఇప్పుడు 9440 చూసి బిల్లు ఎవరికి కడుతున్నారో చెప్పలేం. ఎల్‌ఈఐని కూడా ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి బదిలీ చేసుకోవచ్చు. మీ మిల్లు రేపు ముంబై సంస్థకు మారినా నంబరు 9845తోనే ఉంటుంది.

తిరుపతి, మంచిర్యాల
అలాగైతే "ఇచ్చిన కార్యాలయం" అనే మాట కూడా జాగ్రత్తగా వాడాలి సార్. మొదట ఇచ్చింది ఒకరు, ఇప్పుడు చూసుకుంటున్నది ఇంకొకరు కావచ్చు. రెండింటినీ ఒకే మాటతో పిలిస్తే శ్రీనన్న లాంటి వాళ్లు మళ్లీ పొరపడతారు.

సదానందం
ఆ సవరణ న్యాయమే. నంబరు చూపించేది మొదట ఇచ్చిన వాళ్లను. ఇప్పుడు ఎవరు చూసుకుంటున్నారో తెలియాలంటే రికార్డులో `ManagingLOU` చూడాలి.

స్వరూప
శ్రీను గారూ, బ్యాంకు మెసేజ్ ఇంకా పెట్టలేదు. నంబరు సరిగ్గా కొట్టారో లేదో పైథాన్‌లో మీ నంబరు పెట్టి ఇలా చూడండి. 1 రావాలి.

```
lei = "HWUPKR0MPOU8FGXBT394"
print(int("".join(str(int(c,36)) for c in lei)) % 97)
```

1 వస్తే అక్షరాలు సరిగ్గా పడ్డాయని మాత్రమే. ఆ నంబరు చలామణిలో ఉందని కాదు. తర్వాత `search.gleif.org`లో తెరిచి స్టేటస్ చూడండి.

శ్రీను, హన్మకొండ
మా నంబరుకు 1 వచ్చింది మేడం. బ్యాంకు మెయిల్‌లో "LEI not valid, pls submit valid LEI" అని ఒక్క లైనే ఉంది. నా షీటులో కూడా Foreign అని వచ్చింది కదా, రెండూ ఒకటే కారణం అనుకున్నాను. అందుకే వేరేగా రాయలేదు. మిల్లుకు 8 కోట్ల లిమిట్ ఉంది, ఇప్పుడు రెన్యువల్ నడుస్తోంది.

సైట్‌లో ఇప్పుడే తెరిచాను. మిల్లు పేరు, వరంగల్ అడ్రస్ సరిగ్గానే ఉన్నాయి. జ్యూరిస్డిక్షన్ దగ్గర ఇండియా అనే ఉంది. స్టేటస్ మాత్రం LAPSED అని ఉంది. రెన్యువల్ తేదీ పోయిన నెల పదిహేనుతోనే దాటిపోయింది.

స్వరూప
అదే కారణం. 9845 కాదు.

సదానందం
LAPSED అంటే నంబరు రద్దయిందని కాదు. ఏడాదికోసారి కంపెనీ వివరాలు సరిచూసి రుసుము కట్టాలి, ఆ గడువు దాటిందని అర్థం. 5 కోట్లు దాటిన అప్పు ఉన్న సంస్థలకు ఎల్‌ఈఐ ఉండాలని రిజర్వ్ బ్యాంకు 2022 ఏప్రిల్‌లో చెప్పింది. 5 నుంచి 10 కోట్ల వాళ్లకు గడువు 2025 ఏప్రిల్ 30తో ముగిసింది. లేకపోతే బ్యాంకు లిమిట్ రెన్యువల్ చేయకూడదు. మీ 8 కోట్లు ఆ వరుసలోకే వస్తాయి, అందుకే బ్యాంకు గట్టిగా అడుగుతోంది.

ఇంకో సంగతి, ఇది తప్పక చూడండి. కంగారులో ముంబై సంస్థ దగ్గర కొత్త నంబరుకు దరఖాస్తు చేయకండి. ఒక సంస్థకు ఒకే ఎల్‌ఈఐ ఉండాలి. రెండోది అడిగితే డూప్లికేట్ అని తేలి పని ఇంకా ఆలస్యమవుతుంది. పాత ఏజెంటు దగ్గరే రెన్యువల్ చేయించండి, లేదా ముంబైకి బదిలీ పెట్టి అక్కడ చేయించండి. మీకు తొందర ఉంది కాబట్టి మొదటిదే మేలు, బదిలీ అయితే రెండు కార్యాలయాల మధ్య కాగితాలు నడవాలి. రెన్యువల్‌లో డైరెక్టర్ల తీర్మానం, చివరి ఏడాది బ్యాలెన్స్ షీట్ అడగవచ్చు, సిద్ధంగా పెట్టుకోండి.

యాదగిరి
మరి షీటులో దేశం కాలమ్ ఎలా?

సదానందం
నంబరు నుంచి తీయడం మానేయండి. గ్లైఫ్ రోజూ ఇచ్చే ఫైలులో `Entity.LegalJurisdiction` అని ఒక కాలమ్ ఉంటుంది, మన కంపెనీలకు IN అని వస్తుంది. దాని పక్కనే `Registration.NextRenewalDate` కూడా తెచ్చుకోండి. ఇవాళ మీ ఏడు గంటలు పోయింది ఆ రెండో కాలమ్ లేకే. పార్టీలు వంద లోపే ఉంటే సైట్‌లో ఒక్కొక్కటి చూసి రాసుకున్నా ఒక పూటలో అయిపోతుంది.

శ్రీను, హన్మకొండ
మిల్లు వాళ్లు ఏజెంటుకు డబ్బు కట్టారట. రేపు బ్యాంకుకు వెళ్తాను. థ్యాంక్స్ అందరికీ.

కొమురయ్య, కరీంనగర్ గ్రానైట్
సదానందం సార్, మా ఇంకో కొనుగోలుదారు వేరే కంపెనీలో కలిసిపోయింది. బ్యాంకు ఫారంలో పాత నంబరు రాయాలా, కలుపుకున్న కంపెనీ నంబరు రాయాలా? ఇన్వాయిస్ పాత పేరు మీదే ఉంది.