స్వాప్ తీసుకున్నా మా వడ్డీ నిజంగా ఫిక్స్ అవుతుందా?

విశాఖలో రొయ్యలు ఎగుమతి చేసే ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. కోల్డ్ స్టోరేజీ కోసం తీసుకున్న 20 కోట్ల లోన్ ఫ్లోటింగ్‌లో ఉంది. రేట్లు పెరుగుతాయేమోనని మా ఎండీగారికి టెన్షన్. బ్యాంకువాళ్లు వడ్డీ స్వాప్ తీసుకోమంటున్నారు.

నాకు అర్థమైంది ఇది: మేం ఏడాదికి 6.5% ఫిక్స్‌డ్ కట్టాలి, వాళ్లు మాకు మైబార్, అంటే బ్యాంకులు ఒకదానికొకటి ఒక్కరోజుకి అప్పిచ్చుకునే రేటు, ఇస్తారు. అసలు సొమ్ము చేతులు మారదు, వడ్డీల తేడా మాత్రమే. మైబార్ సగటున 7% ఉంటే మాకు 10 లక్షలు వస్తాయి, 6% అయితే మేమే 10 లక్షలు కట్టాలి. ఇంతవరకు బాగానే ఉంది.

కానీ మా లోన్ మైబార్ మీద లేదు, ఎంసీఎల్‌ఆర్ మీద, అంటే బ్యాంకు తన నిధుల ఖర్చును బట్టి పెట్టుకునే రేటు మీద ఉంది. మా లోన్ వడ్డీ ఏడాదికోసారే మారుతుంది, మైబార్ రోజూ మారుతుంది. రేట్లు తగ్గితే స్వాప్‌లో వెంటనే నష్టం, లోన్ వడ్డీ మాత్రం పాతదే! పైగా లోన్ ముందే తీర్చేస్తే స్వాప్ మిగిలిపోతుంది కదా, దాన్ని మూసేయడానికి డబ్బు కట్టాలా? ఇలాంటి స్వాప్ నడిపినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి: ఈ తేడాను మీరెలా సర్దుకున్నారు? లోన్‌నే మైబార్‌కి మార్చమని అడగవచ్చా?