సంక్రాంతి ఫ్లెక్సీ మీద ఏం రాయాలి? (అరిసెల ఆర్డర్ల కోసం)

రావులపాలెం మిఠాయి
మాది రావులపాలెం దగ్గర చిన్న స్వీట్ షాపండి. సెంటర్లో 6 అడుగులు బై 4 అడుగుల ఫ్లెక్సీ ఒకటి కట్టాలి. నాన్నగారు పోయినేడు వేయించిందే మళ్లీ వేయించమంటున్నారు: "సంక్రాంతి మహా ధమాకా! అన్ని స్వీట్లపై 20% వరకు తగ్గింపు". అందులో "వరకు" అన్నది చిన్నక్షరాల్లో ఉండేది. దానితో పండగ వారమంతా కౌంటర్ దగ్గర గొడవే. మా వీధిలో పెద్దాయన ఒకరు కాజాలు రెండు కిలోలు తూయించుకున్నారు. కాజా మీద 5 శాతమే అనేసరికి ఆ పెట్టె అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. ఏడాదయింది, మళ్లీ మా మెట్టెక్కలేదు. ఈసారి అలా కాకుండా ఏం రాయాలో చెప్పండి. అరిసెలు, సున్నుండలు, పూతరేకులు, కాజాలు, గవ్వలు ఉంటాయి.

తణుకు కోడలు
"వరకు" తీసేసి అన్నిటి మీదా 10 శాతం అని రాసేయండి. గొడవుండదు. పైన "నేతి మిఠాయిలు" అని పెద్దగా పెట్టండి, జనం నెయ్యి అంటేనే ఆగుతారు.

డీటీపీ మావయ్య
బాబూ, ముందు ఒక మాట చెప్పు. పండగకి నీ దగ్గర మిగిలిపోయేది ఏది, చాలకుండా పోయేది ఏది?

రావులపాలెం మిఠాయి
అరిసెలే చాలవండి. నలుగురు ఆడవాళ్లు చేస్తారు, రోజుకి 40 కిలోలు దాటదు. బియ్యం ముందు రోజే నానబెట్టాలి, తడిపిండి అప్పటికప్పుడు పట్టించాలి. భోగి ముందు మూడు రోజులూ లేదని చెప్పి పంపేస్తుంటాం. ఎక్కువ మంది అల్లుడు వస్తున్నాడనో, కూతురికి సారె పంపాలనో ఐదేసి కిలోలు అడిగేవాళ్లే.

డీటీపీ మావయ్య
అదే మరి. చాలని సరుకు మీద తగ్గింపు ఇస్తే, వెనక్కి పంపాల్సిన వాళ్లనే ఇంకా ఎక్కువ మందిని పిలుచుకున్నట్టు. నీకు కావలసింది ఎక్కువ మంది కాదు, ముందుగా చెప్పేవాళ్లు. కాబట్టి ఆఫర్ సరుకుకి కాదు, తేదీకి కట్టు. ఫలానా రోజులోపు ఆర్డరిస్తే ఇది ఉచితం అను. ఉచితంగా ఇచ్చేది కూడా అరిసె కాకూడదు, ముందే చేసి డబ్బాల్లో పెట్టుకోగలిగింది అవ్వాలి. గవ్వలు సరిపోతాయి.

ఇక పై లైను. ఇరవై రెండేళ్లుగా ఫ్లెక్సీలు కొడుతున్నాను. సెంటర్లో బండి మీద పోయేవాడు 40 అడుగుల నుంచి చూస్తాడు. పది అడుగుల దూరానికి అంగుళం చొప్పున లెక్కేస్తే అక్షరం 4 అంగుళాలుండాలి. గుడి, వత్తు కలపకుండా ఒట్టి అక్షరం ఎత్తే. ఆ సైజులో 6 అడుగుల వెడల్పుకి మహా అయితే 11, 12 అక్షరాలు పడతాయి. మీ పాత లైను అందులో పట్టదు. పైగా "సంక్రాంతి"లో క్రావడి లావు ఫాంటులో ముద్ద కట్టేసి, దూరానికి నల్లగా కనిపిస్తుంది. జనానికి పండగ ఎప్పుడో నువ్వు చెప్పక్కర్లేదు. ఆ రోజుకి ఇంట్లో అరిసెలుంటాయా అన్నదే వాళ్ల బెంగ. దానికి జవాబే పై లైను చెయ్యి.

రావులపాలెం మిఠాయి
అయితే "భోగి నాటికి అరిసెలు" అంటే?

డీటీపీ మావయ్య
లెక్కపెట్టు. తొమ్మిది అక్షరాలు, ఒక్క వత్తు లేదు. దాన్ని ఇంక కదపకు.

లంకల కుర్రాడు
అన్నా, పూతరేకులు కూడా అన్నావుగా. మా అమ్మ ఆత్రేయపురంలో కుండ మీద రేకులు తీస్తుంది. 2023లో మా ఊరి పూతరేకులకి జీఐ గుర్తింపు వచ్చింది. అయినా ఎక్కడెక్కడో చేసినవాటికి మా ఊరి పేరు పెట్టి అమ్ముతున్నారు. నువ్వు అక్కణ్ణుంచి తెస్తేనే ఆ పేరు వెయ్యి, లేకపోతే ఒట్టి పూతరేకులు అని రాయి. ఇది మాకు కూటి సంగతి.

రావులపాలెం మిఠాయి
ఆత్రేయపురం నుంచే తెస్తాం తమ్ముడూ. కానీ ఈ ఫ్లెక్సీలో అరిసెలొక్కటే ఉంచుదామనుకుంటున్నాను. పూతరేకులకి షాపులో వేరే బోర్డు పెడతా, మీ ఊరి పేరుతోనే.

కింద ఇలా రాశానండి:

భోగి నాటికి అరిసెలు
9వ తేదీలోపు ఆర్డరిస్తే గవ్వలు ఉచితం
స్వచ్ఛమైన నేతి అరిసెలు, అమ్మ చేతి రుచి

కాలవగట్టు
నేను కొనేవాణ్ణి, అమ్మేవాణ్ణి కాదు. "9వ తేదీలోపు" అంటే 9న వస్తే ఇస్తారా, ఇవ్వరా? గవ్వలు ఎన్ని? కిలోకా, ఐదు కిలోలకా? ఇవి అడగడానికే ఫోన్ చెయ్యాలి. ఇంకోటి, మీ అరిసెలు నేతిలో వేయిస్తారా?

రావులపాలెం మిఠాయి
పాకంలో నెయ్యి వేస్తామండి. వేయించేది నూనెలో.

తణుకు కోడలు
పాకంలో నెయ్యి పడితే నేతి అరిసెలేగా, అందరూ అలాగే రాస్తారు.

డీటీపీ మావయ్య
లేదమ్మా. నేతి అరిసె అంటే మన వైపు నేతిలో వేగిందనే అర్థం. సారె పట్టుకెళ్లి వియ్యాలవారింట్లో పెట్టాక, ఇది నూనె అరిసె అని ఒక ముసలమ్మ తేల్చేస్తే పోయేది కొన్నవాళ్ల పరువు. "పాకంలో నెయ్యి" అని ఉన్నదున్నట్టు రాస్తే చాలు. "అమ్మ చేతి రుచి" తీసెయ్, ఆ జాగాలో కొనేవాడికి పనికొచ్చే మాట పెట్టు.

కాలవగట్టు
పెట్టె బరువు కలుపుతారా? అట్టపెట్టెతో సహా తూచేవాళ్లంటే నాకు ఒళ్లు మంట.

రావులపాలెం మిఠాయి
కలపమండి, కాటా మీద ముందు ఖాళీ పెట్టె పెట్టి సున్నా చేస్తాం. చట్టమే అలా చెయ్యమంటుంది కదా, అది గొప్పగా రాసుకోవచ్చా?

కాలవగట్టు
చట్టం ఉన్నా నా కళ్ల ముందే కలుపుతున్నారు. రాయండి, నేనైతే ఆ ఒక్క మాటకి వస్తాను.

రావులపాలెం మిఠాయి
సరే, మళ్లీ రాశాను:

భోగి నాటికి అరిసెలు
జనవరి 9 రాత్రి దాకా ఆర్డరిస్తే
కిలోకి పావు కిలో బెల్లం గవ్వలు ఉచితం
పాకంలో నెయ్యి. పెట్టె బరువు కలపం.

దీని కింద షాపు పేరు, ఫోను. కిలో 480 అన్నది వెయ్యాలా వద్దా?

తణుకు కోడలు
వద్దు. రేటు చూసి రానివాళ్లు, లోపలికి వస్తే కొంటారు.

కాలవగట్టు
వెయ్యండి. రేటు లేకపోతే ఎక్కువేమోననుకుని నేను బండి ఆపను.

డీటీపీ మావయ్య
ఇద్దరి మాటా నిజమే, రెండు రకాలూ జరగడం చూశాను. బెల్లం ధర కదిలితే మాత్రం కట్టిన ఫ్లెక్సీ మీద స్టిక్కర్ అంటించాలి, అది చూడ్డానికి బాగోదు.

ప్రింటుకి ముందు ఒక పని చెయ్యి. డిజైన్ ఏ4 కాగితం నిండా తీసి గోడకి అంటించి, ఏడడుగులు వెనక్కి వెళ్లి చూడు. ఏ4 పొడవు నీ ఫ్లెక్సీ పొడవులో ఆరో వంతు, కాబట్టి అది 40 అడుగుల నుంచి చూసినట్టే. అక్కణ్ణుంచి పై లైను, "జనవరి 9" చదవగలిగితే చాలు, మిగతాది ఆగినవాడు చదువుకుంటాడు. ఇంకోటి, నువ్వు వాట్సాప్‌లో పంపే తెలుగు మా అను ఫాంట్లలో నేరుగా పడదు, కుర్రాళ్లు చూసి మళ్లీ కొడతారు. అక్షరాలు మారేది అక్కడే. పోయిన పండక్కి ఒకరికి "గవ్వలు" కాస్తా "గువ్వలు" అయ్యాయి, ఫ్లెక్సీ కట్టేదాకా ఎవరూ చూడలేదు.

రావులపాలెం మిఠాయి
ఏ4 అంటించి చూశామండి. నాన్నగారు అరుగు మీద నుంచి పై లైను గడగడా చదివేశారు, తేదీ దగ్గర ఆగిపోయారు. పసుపు మీద ఎరుపు వేశాం, దాన్ని ముదురు గోధుమ రంగుకి మార్చాక అదీ చదివారు. రేటు సంగతి ఇంట్లో ఇంకా తేలలేదు, అమ్మ వెయ్యమంటోంది, ఆయన వద్దంటున్నారు. రేపు పదింటికి ప్రింటుకి ఇవ్వాలి.

డీటీపీ మావయ్య
ఇచ్చే ముందు ప్రూఫ్‌లో ఉన్న ఫోన్ నంబరు చూసి నొక్కి ఒకసారి కాల్ చెయ్యి. నీ షాపులో మోగితేనే ఓకే చెప్పు.